పన్నెండు పేజీల వాదన, ఒక్క ఆమేన్

కరుణాకరం గొంతు గురించి ముందు చెప్పాలి. ఆయన గురించి ఎవరు చెప్పినా అక్కడే మొదలుపెడతారు. మార్కాపురం డిపోలో కండక్టరుగా ఉన్నన్నాళ్ళూ ఎర్రగొండపాలెం బస్సులో ఆయన "టికెట్" అని అరిస్తే ముందు సీట్లో ఉన్న డ్రైవరు కూడా జేబు తడుముకునేవాడని తోటివాళ్ళు చెప్పుకుని నవ్వేవారు. రిటైరయి పెద్దారవీడు దగ్గర సొంతూరికి వచ్చేశాక ఆ గొంతుకు పనిలేకుండా పోతుందేమోనని ఆయన బెంగపడ్డాడు గానీ, ఊరు అంత అన్యాయం చెయ్యలేదు. పెళ్ళికి, సమాధి కూటానికి, క్రిస్మస్ ముందు రాత్రి కార్యక్రమానికి, ఆఖరికి గొర్రెల డాక్టరు సూదులు వెయ్యడానికి వచ్చినా మైకు కరుణాకరం చేతికే ఇచ్చేవారు. ఊళ్ళో ఆయన పేరు మైకు కరుణాకరం.

చదువుకునే రోజుల్లో ఆయన ప్లీడరు అవుదామనుకున్నాడు. తండ్రి కూలికి పోయేవాడు, కొడుకు డిగ్రీ అయిందనిపించి ఆర్టీసీలో చేరాడు. ఆ కోరిక మాత్రం పోలేదు. మార్కాపురం బస్టాండు పక్కన పాత పుస్తకాలు అమ్మే చోట అట్ట చిరిగిన నవల ఒకటి కొన్నాడు. పేరు "రాళ్ళవాగు కేసు". ఎర్రన్న అనే గొర్రెలకాపరి ఫారెస్టు గార్డును కర్రతో కొట్టి చెయ్యి విరగ్గొట్టాడని కేసు. అతని తరపున విశ్వంభరం అనే వకీలు వాదిస్తాడు. చివర్లో పన్నెండు పేజీల వాదన ఉంటుంది. కొండ, వాగు, ఆకలి, రాజ్యాంగం అన్నీ అందులోకి వచ్చేస్తాయి. కోర్టు హాలు చప్పట్లతో మారుమోగుతుంది, జడ్జి బల్ల కొట్టి ఆపాల్సి వస్తుంది. కరుణాకరానికి ఆ పన్నెండు పేజీలూ కంఠతా వచ్చు. అవే పెళ్ళిళ్ళలో చెప్పాడు, గ్రామసభలో చెప్పాడు, ఒకసారి ఒక ముసలాయన సమాధి దగ్గర కూడా చెప్పాడు. అక్కడ రాజ్యాంగం ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాకపోయినా అందరూ కన్నీళ్ళు పెట్టుకున్నారు.

ఇంట్లో భార్య యేసుమణి మాత్రం ఆయన మొదలుపెట్టగానే దొడ్లోకి పోయేది. "ఆ వకీలుకు నీళ్ళు పట్టే పని లేదు గాబట్టి అంతసేపు మాట్లాడినాడు" అనేది.

ఇలా ఉండగా ఊరి చర్చి సంఘంలో రమ్య గొడవ వచ్చింది.

రమ్య కరుణాకరానికి చెల్లెలి వరసయ్యే ఆమె కూతురు. మార్కాపురంలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతుంది, ఆదివారం ఊళ్ళో గుడిలో సండేస్కూలు నడుపుతుంది. వారమంతా వేరేవాళ్ళు రాసిచ్చిన పాఠం వేరేవాళ్ళు చెప్పిన వేగంతో చెప్పి, ఆదివారం ఆ గంటలోనే తాను టీచరునన్న సంగతి గుర్తుకొస్తుందని ఆమే అనేది. పిల్లలు ఆమెను వదిలేవాళ్ళు కాదు. ఆ సంవత్సరం పిల్లల చేత ఆమె రోమా అధిపతి పిలాతు ముందు యేసు విచారణ నాటకం వేయించింది. యేసు మీద నేరం మోపే ప్రధాన యాజకుడి వేషం వేసిన పిల్ల, ఎవరూ నేర్పకుండానే, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, "సంఘ క్షేమము దృష్ట్యా" అని మొదలుపెట్టింది.

గుడి అంతా గొల్లుమంది. ఎందుకంటే చేతులు వెనక్కి కట్టుకుని, గొంతు సవరించుకుని, సంఘ క్షేమము దృష్ట్యా అని మొదలుపెట్టేది ఆ ఊళ్ళో ఒక్కడే. ఆయన సంఘ పెద్ద శ్యాంసన్. ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు. ఆయన కూడా నవ్వాడు, కానీ అందరికంటే ఆలస్యంగా నవ్వాడు.

రెండు వారాలకు కమిటీలో విషయం చర్చకు పెట్టారు. "లేఖన భాగమును పిల్లలకు అపహాస్యముగా బోధించుటవలన కొందరు విశ్వాసులు నొచ్చుకొనిరి" అన్నది ఆరోపణ. రమ్యను సండేస్కూలు నుంచి తప్పించాలన్నది ప్రతిపాదన. పాస్టరుగారు మార్కాపురం నుంచి నాలుగు ఊళ్ళు తిరగాలి కాబట్టి ఇలాంటివి కమిటీకే వదిలేసేవారు. అంటే శ్యాంసన్‌కు.

"నీ తరపున నేను మాట్లాడతా" అన్నాడు కరుణాకరం. ఆయన కళ్ళు మెరవడం చూసి రమ్యకు భయమేసింది. ఆ సాయంత్రమే ఆయన ఇంటికి వచ్చి ఆ నవల అడిగి తీసుకుంది. మళ్ళీ ఆదివారానికి పుస్తకంతో తిరిగి వచ్చింది.

"మామా, ఎర్రన్న సంగతి చివరికి ఏమైంది?" అని అడిగింది.

"ఏమైతది? విడుదలైనాడు."

"ఏ పేజీలో?"

కరుణాకరం పుస్తకం తిప్పాడు. చప్పట్లు దొరికాయి, జడ్జి బల్ల కొట్టింది దొరికింది. విడుదల దొరకలేదు. రమ్య తర్వాతి అధ్యాయం తీసి వేలు పెట్టింది. ఒక్క వాక్యం. ఎర్రన్నకు మూడేళ్ళు జైలు. కరుణాకరం అద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. ఇన్నేళ్ళలో ఆ పేజీ దాకా ఆయన ఎప్పుడూ పోలేదు. చప్పట్ల దగ్గరే పుస్తకం మూసేవాడు.

"ఇదేంది, అంత బాగా మాట్లాడితే శిక్ష ఎట్ల పడింది?"

"అదే చూద్దాం రా మామా. వాదన పక్కన పెట్టు. ఎవరు ఏం అడిగినారు, ఎవరు ఏం అడగలేదు, అది చూడు."

ఆమె పుస్తకాన్ని ముందుకు తిప్పింది. గార్డు తనను కొట్టినవాడి మొహం చూడలేదు, ఎర్రన్న కొట్టడం చూశానన్న సాక్షి ఒక్కడే, సర్పంచి బావమరిది. సర్కారు వకీలు అతన్ని మొదట విచారిస్తాడు. సొంత సాక్షి నోట్లో జవాబు పెట్టే ప్రశ్న అతను అడగకూడదు, అందుకని "తర్వాత ఏం చూశారు" అంటూ నడిపిస్తాడు. వాగుకు ఇవతలి గట్టు నుంచి, పొద్దుగుంకాక చూశానని సాక్షి చెబుతాడు. ఆ తర్వాత విశ్వంభరం వంతు. ఎదురు ప్రశ్నల్లో అయితే ఎలాగైనా అడగొచ్చు, సూటిగా నువ్వు అబద్ధమాడుతున్నావని కూడా అనొచ్చు. వాగు ఎంత వెడల్పు, చీకట్లో మొహం ఎలా కనబడింది, ఆ రోజు నువ్వు ఊళ్ళో ఉన్నావా, ఏదైనా. విశ్వంభరం లేచి నిలబడి, అంగీ సర్దుకుని, రెండు మాటలు అంటాడు. ప్రశ్నలు లేవు.

"జడ్జి ఏం చేసినాడో చూసినావా?" అంది రమ్య. "నిజంగానే లేవా అని మళ్ళీ అడిగినాడు. అప్పుడు గూడా లేవన్నాడు. ఆ జడ్జి నవల మొత్తంలో ఒక్క మంచి మాట మాట్లాడడు, ఆవలిస్తా ఉంటాడు. కానీ ఎర్రన్న గురించి రెండోసారి అడిగింది ఆయనొక్కడే."

"వకీలు మరిచిపోయినాడేమో."

"టీ అమ్మే ఆమెను మరిచిపోలేదే."

నిజమే. టీ అమ్మే ఆమె ఏదీ చూడలేదు, గార్డు తన కొట్టు ముందు నుంచి పోయాడని మాత్రమే చెప్పింది. ఆమెను విశ్వంభరం గుచ్చి గుచ్చి అడిగి, హాలంతా నవ్వించి, చివర్లో "నువ్వు అబద్ధం చెబుతున్నావు" అంటాడు. "నాకేం పని సామీ" అంటుంది ఆమె. ఆమె జవాబుగా జడ్జి టైపిస్టుకు చెప్పి రాయించింది మాత్రం ఇంకోలా ఉంటుంది. "నేను అబద్ధం చెబుతున్నాననడం నిజం కాదు." ప్రశ్న మాయమైపోయింది, ఆమె తనంతట తానే ఆ మాట చెప్పినట్టు కాగితం మీదికి ఎక్కింది. కోర్టుల్లో అలా రాయడం మామూలే. రచయిత మాత్రం ఆమె అన్నదీ, కాగితం మీదికి వచ్చిందీ, రెండూ పక్కపక్కన పెట్టాడు.

"రాసినాయన మనతో మాట్లాడేది ఆ రెంటి నడుమనే మామా" అంది రమ్య. "ఎవరి మాట ఉన్నదున్నట్టు నిలబెట్టినారు, ఎవరి మాటకు ఇస్త్రీ చేసినారు, దాంట్లోనే ఎవరికి ఎవరంటే లెక్కో తెలుస్తది."

ఇంకో చోటు చూపించింది. సాక్షులంతా అయిపోయాక జడ్జి ఎర్రన్ననే అడుగుతాడు, ఈ సాక్షి నీ మీద ఇలా చెప్పాడు, నువ్వేమంటావని. ఎర్రన్న అంటాడు, ఆ పొద్దు ఆయన ఊళ్ళోనే లేడు సామీ, మార్కాపురం పోయినాడు అని. అదీ అసలు ప్రశ్న. దాన్ని సాక్షి మొహం మీద అడగాల్సినవాడు అడగలేదు, బోనులో ఉన్నవాడు ఆలస్యంగా చెప్పుకున్నాడు. ఆ సమయంలో విశ్వంభరం ఏం చేస్తున్నాడు? తన వాదన కాగితాలు వరసలో పెట్టుకుంటున్నాడు. తీర్పులో ఉంది, ఈ సాక్షిని ఎదురు ప్రశ్నించలేదు కనుక నమ్మకపోవడానికి కారణం కనిపించలేదని.

"సర్పంచి ఇంట్లో టీ తాగినాడు గదా విశ్వంభరం, విచారణకు ముందు" అంది రమ్య. "పార్టీ టికెట్టు సంగతి మాట్లాడినారు. రచయిత అంతకుమించి ఏమీ చెప్పలేదు. చెప్పాల్సిన పని లేదు. ఇంకోటి. ఆ పన్నెండు పేజీల్లో ఎర్రన్న పేరు ఎన్నిసార్లు ఉందో చూడు."

కరుణాకరం చూడక్కర్లేదు, కంఠతా వచ్చు. మనసులో గబగబా అప్పజెప్పుకున్నాడు. ఈ నిరుపేద, ఈ అడవి బిడ్డ, ఈ మూగజీవి. పేరు లేదు. ఒక్కసారి కూడా లేదు. అందుకేనేమో పెళ్ళికీ చావుకీ ఎక్కడికైనా అతికింది. ఆయనకు కోపం వచ్చింది. ఇష్టమైన కూర గిన్నెలో ఎవరో వెంట్రుక చూపించినట్టు అనిపించింది.

"నువ్వు చదివేది నవలా, ఆడిటా?" అన్నాడు.

"మామా, నా కోసం ఒక్కటి చెయ్యి. ప్రసంగం వద్దు. కొందరు విశ్వాసులు అన్నారు గదా, ఆ కొందరు ఎవరో లేచి చెప్పమను. అంతే. నాకు ఆ పిల్లలు కావాల, ఇంకేం వద్దు."

సరేనన్నాడు కరుణాకరం. ఆ క్షణంలో నిజంగానే అన్నాడు.

కమిటీ రోజు గుడి నిండింది. శ్యాంసన్ ఆరోపణ చదివించి, "మైకు కరుణాకరంగారు మాట్లాడతారు" అంటూ మైకు ఆయన చేతిలో పెట్టాడు. శ్యాంసన్ తెలివితేటలన్నీ ఆ చేతిలో పెట్టడంలోనే ఉన్నాయి. మైకు బరువు తెలియగానే కరుణాకరానికి వెన్ను నిటారయింది. "ప్రియమైన సంఘమా" అన్నాడు. ఆ రెండు మాటలూ గోడలకు తగిలి తిరిగి ఆయన చెవిలో పడ్డాయి, ఎంత బాగున్నాయి! ఒక్క నిమిషం మాట్లాడి ప్రశ్న అడుగుదామనుకున్నాడు. అరగంట మాట్లాడాడు. కొండ వచ్చింది, వాగు వచ్చింది, రాజ్యాంగం వచ్చింది. ఈ ఆడబిడ్డ అన్నాడు, ఈ జ్ఞానదీపం అన్నాడు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు పెట్టుకున్నారు. చప్పట్లు మోగాయి. చివరి వరుసలో రమ్య మాత్రం కళ్ళు మూసుకుని కూర్చుంది.

శ్యాంసన్ లేచి చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఇంత గొప్పగా మాట్లాడినంక మనకు ఇంక చర్చ ఏముంది? ప్రార్థన చేసుకుందాం" అన్నాడు.

అందరూ తలలు వంచారు. శ్యాంసన్ ప్రార్థన పొడుగ్గానే ఉంటుంది. వానల కోసం, రోగుల కోసం, పుల్లలచెరువు వైపు నీళ్ళు లేని ఊళ్ళ కోసం, పరీక్షలు రాసే పిల్లల కోసం ప్రార్థించి, ఆ నడుమనే, అదే రాగంలో, "సండేస్కూలు పరిచర్య భారమునుండి నీ దాసురాలైన రమ్యను విడిపించి విశ్రాంతి దయచేయు ఈ సంఘము నిర్ణయమును దీవించుము" అని, ఇంకా ప్రయాణాల్లో ఉన్నవాళ్ళను కూడా దీవించమని ముగించాడు.

ఆమేన్ అంది సంఘం. అందరికంటే గట్టిగా, చప్పట్ల మత్తు ఇంకా దిగని కరుణాకరం అన్నాడు.

మంగళవారం సంఘం సెక్రటరీ జయపాల్ వచ్చి కరుణాకరం ఇంటి ముందు బండి ఆపాడు. "బావా, నీ ప్రసంగం రెండు పేజీలు రాసినా మినిట్స్‌లో. వచ్చే ఆదివారం నుంచి శ్యాంసన్ తమ్ముడి కోడలు సండేస్కూలు చూసుకుంటది" అన్నాడు.

"ఎవరు తీర్మానించినారు?"

"సంఘమంతా ఏకగ్రీవంగా. నువ్వు గూడా ఆమేన్ అంటివి గదా. నీదే పెద్దగా వినపడింది."

జయపాల్ వెళ్ళిపోయాక కరుణాకరం అరుగు మీద కూర్చున్నాడు. యేసుమణి మంచినీళ్ళ చెంబు తెచ్చి పక్కన పెట్టింది. "ప్రార్థనలో ఆ మాట నేను విన్నా" అంది. "నువ్వు వింటావని ఊరుకున్నా. నువ్వు ఎట్ల మాట్లాడినావో నువ్వే వింటా ఉంటివి."

ఆయన లోపలికి పోయాడు. పుస్తకం తీసుకుని, జీవితంలో మొదటిసారి, వాదన వదిలేసి మిగతాదంతా చదివాడు. ప్రశ్నలు లేవు అన్నచోట ఆగిపోయాడు. విశ్వంభరం దుర్మార్గుడని రమ్య అనలేదు, రచయితా అనలేదు. విశ్వంభరం సర్పంచి దగ్గర టికెట్టు ఆశించాడు. తాను శ్యాంసన్ దగ్గర ఏం ఆశించాడు? మైకు. అంతే, ఒక మైకు. ఎర్రన్న కథ చదివి ఇన్నేళ్ళు ఎవరి గొంతు విని మురిసిపోయాడో అర్థమయ్యేసరికి ఆయనకు సిగ్గేసింది. రమ్య మొహం చూడలేక రెండు రోజులు ఆమె పోయే దారిన పోలేదు.

ఆదివారం కమిటీ మళ్ళీ కూర్చుంది. మొదటి పని ఎప్పుడూ ఒకటే, కిందటి సమావేశం మినిట్స్ చదివి ఖరారు చేయడం. ఆర్టీసీ యూనియన్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాడికి ఆ కాస్త పద్ధతి తెలుసు. అప్పుడు పాత చర్చ తిరగదోడకూడదు. రాసింది జరిగిందా లేదా, ఆ ఒక్కటే అడగొచ్చు. ఒకసారి ఖరారై సంతకం పడితే ఇక అదే జరిగిందని లెక్క.

జయపాల్ చదివాడు. "పిమ్మట శ్రీ కరుణాకరంగారు సింహమువలె గర్జించి, సంఘమును కన్నీటిలో ముంచి, అనర్గళముగా ప్రసంగించిరి." గుడిలో తలలన్నీ గౌరవంగా ఆయన వైపు తిరిగాయి. ఆ రెండు పేజీలూ చదువుతుంటే లోపల ఏదో పాత సంతోషం మళ్ళీ కదిలింది, కదలలేదంటే అబద్ధం. "తదుపరి ప్రార్థనలో సంఘమంతయు ఆమేన్ పలికి, రమ్యగారిని తప్పించు తీర్మానమును ఏకగ్రీవముగా ఆమోదించిరి."

"ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు శ్యాంసన్, కలం మూత తీస్తూ.

కరుణాకరం లేచాడు. శ్యాంసన్ వెంటనే మైకు అందించబోయాడు.

"మైకు వద్దన్నా" అన్నాడు కరుణాకరం. మైకు లేని ఆయన గొంతు చాలామందికి కొత్తగా అనిపించింది. "ఆ తీర్మానం జరగలేదు. దాన్ని ఎవరు ప్రతిపాదించినారు, ఎవరు బలపరిచినారు, చేతులు ఎవరు ఎత్తినారు?"

"ఆమేన్ అన్నారు గదా అందరూ."

"అది దేవుడికి అన్నారు. నీకు అనలేదు."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. శ్యాంసన్ నవ్వు ముఖం పెట్టి, "కరుణాకరం, ఆ రోజు అందరికంటే గట్టిగా ఆమేన్ అన్నది నువ్వే. కాదంటావా?" అన్నాడు.

కాదనొచ్చు. అందరితో పాటు అన్నానని జారుకోవచ్చు. ఆయన చివరి వరుస వైపు చూశాడు. రమ్య ఈసారి కళ్ళు తెరిచే ఉంది.

"అన్నా" అన్నాడు. "దేనికన్నానో నాకు తెలియదు. నువ్వు ప్రార్థన చేస్తా ఉంటే నేను వినలేదు. నా ప్రసంగమే నా చెవుల్లో మోగతా ఉండె."

ఎవరూ నవ్వలేదు. యేసుమణి లేచి, తాను విన్నానని, విని గూడా ఆమేన్ అనలేదని చెప్పింది. ఇంకో ఆమె, తనకు వానల దగ్గరే మనసు ఆగిపోయిందని చెప్పింది. ప్రయాణాల దాకా వినలేదని ఇంకొకాయన. ఏకగ్రీవం అలా ఒక్కొక్కరి దగ్గరా కొంచెం కొంచెం ఊడిపోయింది.

"ఇప్పుడన్నా అడుగుదాం" అన్నాడు కరుణాకరం. "ఆ నాటకం చూసి నొచ్చుకున్న విశ్వాసులు ఎవరో లేచి నిలబడండి. ఎవరినీ ఏమనం."

ఎవరూ లేవలేదు. జనం అటూ ఇటూ చూసి, చివరికి అందరూ ఒకే వైపు చూశారు. శ్యాంసన్ ముందు నుంచీ నిలబడే ఉన్నాడు. కూర్చోవడానికి ఆయన పక్కన కుర్చీ ఉంది గానీ, ఇప్పుడు కూర్చుంటే ఏమని అర్థమో, నిలబడితే ఏమని అర్థమో ఆయనకూ తెలుసు. చివరికి మెల్లగా, "నాకు బాధ కలిగింది" అన్నాడు. సంఘ క్షేమము దృష్ట్యా అనలేదు. ఆ ఒక్కమాట ముందే తన మాటగా చెప్పి ఉంటే రమ్య ఆ రోజే ఇంటికి వెళ్ళి క్షమించమని అడిగి వచ్చేది. ఇప్పుడు కూడా ఆమె లేచి, "అయ్యా, మిమ్మల్ని బాధపెట్టాలని కాదు" అంది.

తప్పించాలన్నవాళ్ళు చేతులెత్తమంటే శ్యాంసన్ తమ్ముడి చెయ్యి సగం లేచి, పక్కన ఎవరిదీ లేవకపోయేసరికి తల గోక్కోవడానికి పోయింది. సండేస్కూలు రమ్యకే ఉండిపోయింది.

మినిట్స్ సరిచెయ్యాలి. జయపాల్ తలపట్టుకున్నాడు. "మరి నీ ప్రసంగం పేజీలు బావా?"

"కొట్టెయ్యి."

"అయ్యో, మంచిగా రాసినా."

"కొట్టెయ్యి. నేను ఆమేన్ అన్నానని మాత్రం రాయి. దేనికన్నానో నాకు తెలియదని రాయి."

జయపాల్ కలం పట్టుకుని, నోట్లో గొణుక్కుంటూ, "శ్రీ కరుణాకరంగారు భక్తి పారవశ్యములో..." అని మొదలుపెట్టాడు. కరుణాకరం వంగి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"నేను అన్నట్టే రాయి" అన్నాడు, పక్కవాళ్ళకు కూడా వినపడనంత మెల్లగా.